పేజ్ కార్డు పడింది: కబురొచ్చినట్టా, మనమే ఆ కొత్త కుర్రాడా?

[తెరమీద: బల్ల మీద నాలుగు పేజ్ కార్డులు వరసగా. చెయ్యి వచ్చి ఒక్కొక్కటీ తిప్పుతుంది.]

నమస్తే అండీ. జోస్యానికి వాడే టారో పేకలో పేజ్ అనే కార్డు ఉంటుంది. పేజ్ అంటే ఇక్కడ పుస్తకంలో పేజీ కాదు. రాజుగారి కొలువులో చిన్నాచితకా పనులు చేస్తూ, ఇక్కడి మాట అక్కడికి మోస్తూ, పెద్దవాళ్లను చూసి పని నేర్చుకునే కుర్రాడు. ఇటలీలో వీణ్ణి ఫాంటే అనేవాళ్లు. 15వ శతాబ్దంలో అక్కడ టారో జోస్యం కాదు, అచ్చంగా పేకాటే. జోస్యం సంగతి చాలా తర్వాత, 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఊపందుకుంది.

మన పేకలో జాకీ, రాణి, రాజు అని మూడు బొమ్మలుంటాయి కదా. టారోలో నాలుగు: పేజ్, నైట్, క్వీన్, కింగ్. ఆటీను, ఇస్పేటు, కళావరు, డైమను ఉండే చోట కప్స్, సోర్డ్స్, వాండ్స్, పెంటకిల్స్, అంటే కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు ఉంటాయి. అంటే 78 కార్డుల్లో పేజ్‌లు నాలుగే.

కుర్రాడు చేసేవి రెండు పనులు, మాట మోయడం, పని నేర్చుకోవడం. అందుకే ఈ కార్డుకి రెండు అర్థాలు స్థిరపడ్డాయి: కబురు, కొత్త ఆరంభం. మొదటి ఉద్యోగానికి కొత్త ఊరు వెళ్తున్నవాళ్లకి పేజ్ పడితే తికమక అక్కడే. ఏదో వార్త వస్తోందనా, లేక ఆ కుర్రాడు నేనేననా?

[తెరమీద: పేజ్ ఆఫ్ వాండ్స్, తర్వాత పేజ్ ఆఫ్ కప్స్]

నా చేతిలో ఉన్నది 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ డెక్. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీసింది. ఈ కర్ర పట్టుకున్నవాడికి వెయిట్ రాసిన అర్థాల్లో 'పోస్ట్‌మ్యాన్' అనే మాటే ఉంది! కప్పులోంచి చేప తల బయటపెట్టి చూస్తున్న ఈ రెండోవాడికి కూడా 'వార్త, సందేశం' అని రాశాడు. వీళ్లిద్దరితో పెద్ద పేచీ లేదు. మొదటివాడు హుషారైన కబురు, రెండోవాడు మనసుకి తగిలే కబురు. ముందుకెళ్దాం.

[తెరమీద: పేజ్ ఆఫ్ పెంటకిల్స్]

పచ్చిక మీద నిలబడి, రెండు చేతులతో నాణెం ఎత్తి పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. వెనకాల దున్నిన పొలం. నాణెం చేతిలో ఉంది కానీ పంట ఇంకా రాలేదు. వీడికి వెయిట్ చదువునీ, శ్రద్ధనీ, వార్తనీ మూడూ కలిపి రాశాడు. ఉద్యోగం మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే సూటిగా సరిపోయే బొమ్మ లేదు. ఇదే కార్డు తలకిందులుగా పడితే దుబారా అంటాడు. మొదటి జీతం వచ్చిన వారం ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లెవరూ దీనితో వాదించరు.

[తెరమీద: పేజ్ ఆఫ్ సోర్డ్స్, నెమ్మదిగా దగ్గరగా]

ఇక తిరకాసంతా వీడితోనే. గుట్ట మీద గాలి, చెదిరిన మబ్బులు. రెండు చేతులా కత్తి. ఒంటి దారి ఒకటి, చూపు దారి ఇంకొకటి. మిగతా ముగ్గురి అర్థాల్లోనూ కబురో, దాన్ని మోసేవాడో ఉన్నారు. వీడికి మాత్రం వెయిట్ ఆ మాట రాయలేదు. మెలకువ, పరిశీలన, నిఘా అని రాశాడు. పేజ్ అనగానే శుభవార్త అని చెప్పేసేవాళ్లు పప్పులో కాలేసేది ఈ కార్డు దగ్గరే.

[తెరమీద: బల్ల మీద మూడు కార్డులు బోర్లా]

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. తునికి చెందిన భవ్య అనుకోండి. సోమవారం బెంగళూరులో చేరాలి, మారతహళ్లిలో పీజీ చూసుకుంది. ప్రశ్న: ఆఫీసులో మొదటి నెల ఎలా ఉంటుంది? మూడు కార్డులు. మొదటిది తను వదిలి వచ్చేది, రెండోది ఎదురయ్యేది, మూడోది చెయ్యగలిగేది. ఏ చోటు దేనికో కార్డు తిప్పకముందే కాగితం మీద రాసుకోవాలి. తిప్పాక రాస్తే మనకి నచ్చిన అర్థానికి తగ్గ చోటు ఇచ్చేస్తాం.

[తెరమీద: కార్డులు తెరుచుకుంటాయి]

ఎయిట్ ఆఫ్ కప్స్, పేజ్ ఆఫ్ సోర్డ్స్, త్రీ ఆఫ్ పెంటకిల్స్.

మొదటిది సులువు. పేర్చిన ఎనిమిది కప్పులు వెనక్కి వదిలేసి, చంద్రుడి కింద కొండల వైపు నడుస్తున్న మనిషి. ఇల్లు వదలడమే. కప్పులు పగల్లేదు, అక్కడే ఉన్నాయి.

నడిమి కార్డుకి నేను మూడు సంగతులు చూస్తాను. ముందు చోటు. 'ఎదురయ్యేది' అని రాసుకున్నాం కాబట్టి బయట నుంచి వచ్చేదాన్నే మొదట పట్టుకోవాలి. అదే కార్డు 'నేనెలా ఉన్నాను' అనే చోట పడితే, ఆ కుర్రాడు భవ్యే అయ్యేది. రెండోది రంగు, అంటే కప్పులా, కత్తులా, కర్రలా, నాణేలా అన్నది. సోర్డ్స్ అంటే మాట, రాత, ఆలోచన. మూడోది పొరుగు కార్డు. త్రీ ఆఫ్ పెంటకిల్స్‌లో గుడి గోడ దగ్గర ఒక పనివాడు, ఎదురుగా నక్షా పట్టుకుని ఇద్దరు. పనేమిటో కాగితం మీద ఉంది, అది పక్కవాళ్ల చేతిలో ఉంది.

మూడూ కలిపితే: పని గురించిన మాట ఒకటి గాలివాటున వస్తుంది, పూర్తిగా రాదు. నడుస్తూ చెప్పేసిన పని, సగం అర్థమైన మెయిల్, ఆఫర్ లెటర్‌లో సరిగ్గా చదవని బాండ్ షరతు, ఇలాంటివి. చెయ్యగలిగింది మూడో కార్డులోనే ఉంది: నక్షా చూపించమని అడగడం. 'ఇదే కదా చెయ్యమన్నారు' అని రాసి పంపి, సరే అనిపించుకుని మొదలుపెట్టడం.

[తెరమీద: మళ్లీ పేజ్ ఆఫ్ సోర్డ్స్ ఒక్కటే]

ఇదే వరసని ఇంకోలా చదివేవాళ్లూ ఉంటారు: 'ఆఫీసులో నీ మీద ఎవరో కన్నేశారమ్మా.' నిఘా అనే మాట వెయిట్ రాశాడు కదా, కాదనను. కానీ పక్కన కలిసి పనిచేస్తున్న ముగ్గురి బొమ్మ పెట్టుకుని ఆ మాట చెప్పడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. కొత్త ఊళ్లో ఎవరూ తెలియని పిల్లకి ఆ వాక్యం ఒక్కటి చాలు, నెల రోజులు ఎవరితోనూ కలవదు. పక్కన సెవెన్ ఆఫ్ సోర్డ్స్ పడి ఉంటే, అంటే కత్తులు మోసుకుని మెల్లగా జారుకునేవాడి బొమ్మ ఉంటే, అప్పుడు ఆ అర్థాన్ని కాస్త ఆలోచించేదాన్ని.

ఇంకో మాట. మూడు కార్డులు తీస్తే కనీసం ఒక పేజ్ పడే అవకాశం దాదాపు 15 శాతం. ఏడుసార్లు తీస్తే ఒకసారి పడేదే. కాబట్టి పేజ్ పడిందనే దాన్ని అద్భుతం చెయ్యొద్దు. కార్డు తేదీ చెప్పదు, ఆ ఆఫర్ లెటర్ అసలైనదో నకిలీదో కూడా చెప్పదు. చేర్చుకోవడానికి డిపాజిట్ కట్టమంటున్నారా? అప్పుడు కార్డులు పక్కన పెట్టి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యండి.

[తెరమీద: నోటుబుక్కు, పెన్ను]

చదివింది పనికొచ్చేదో కాదో తేలాలంటే తప్పని తేలగలిగే వాక్యం రాయాలి. 'మార్పు వస్తుంది' అంటే ఎప్పుడూ నిజమే. భవ్య అయితే ఇలా రాసుకోవాలి: 'మొదటి నెలలో ఒక పని సగం విని మొదలుపెట్టబోతాను. రాతలో అడిగితే తేడా బయటపడుతుంది.' కింద తేదీ వెయ్యాలి. నెల తిరిగాక అదే పేజీ తీసి, జరిగితే ఎప్పుడో, ఏ పనిలోనో పక్కన రాయాలి. జరక్కపోతే జరగలేదనే రాయాలి, అర్థం మార్చి సరిపెట్టకూడదు.

[తెరమీద: నోటుబుక్కులో వాక్యం, తేదీ, పక్కన ఖాళీ గడి.]