సమ్మరీ అడిగే ముందు ఆ టూల్‌కి ఏం చెప్పాలి?

"మీటింగ్ రికార్డింగ్‌ని టెక్స్ట్‌గా మార్చి, ఏఐ టూల్‌కి ఇచ్చి సమ్మరీ అడుగుతున్నానండీ. చదవడానికి బాగానే ఉంటుంది, కానీ ఎవరికీ పంపించేలా ఉండదు. ముందుగా దానికి ఏమేం చెప్పాలి?" అని ఒక వ్యూయర్ అడిగారు.

నమస్కారం అండీ. ఆ సమ్మరీ చదివినవాళ్లు ఆ తర్వాత ఏ పని చెయ్యాలి? ముందు ఇది మీరు తేల్చుకుని, ఒక వాక్యంలో టూల్‌కి చెప్పండి. ఎవరి కోసం, ఎంత పొడవు, ఏ రూపంలో అన్నవి దాన్నిబట్టి వాటంతట అవే తేలిపోతాయి. ఇది ఉత్త మాటగా చెబితే అర్థం కాదు కాబట్టి ఒక మీటింగ్ తీసుకుని చూద్దాం.

హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకోండి. ఆదివారం పొద్దున సెల్లార్‌లో కుర్చీలు వేసుకుని జనరల్ బాడీ మీటింగ్ పెట్టుకున్నారు. సెక్రటరీ గారు ఫోన్‌లో రికార్డ్ చేశారు. గంటన్నర నడిచింది. మూడు విషయాలు. బోరు ఎండిపోయింది, కొత్తది వేయించాలా, ట్యాంకర్లతోనే నెట్టుకురావాలా అన్నది ఒకటి. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ పెంచడం రెండోది. లిఫ్ట్ ఏఎంసీ, అంటే ఏడాదికోసారి చేసుకునే మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, దాని రెన్యువల్ మూడోది.

ఇందులో మెయింటెనెన్స్ సంగతి దగ్గరగా చూడండి. ఇప్పుడు నెలకు 2,500 కడుతున్నారు. ట్రెజరర్ గారు 3,000 చేద్దాం అన్నారు. దాని మీద అరగంట వాదన. ఇంకొకరు 2,700 చాలదా అన్నారు. మళ్లీ 3,000 ఎందుకో ట్రెజరర్ గారు లెక్కలు చదివారు. చివరికి గంటా పన్నెండు నిమిషాల దగ్గర ప్రెసిడెంట్ గారు "సరే, 2,800 చేద్దాం, జూన్ నుంచి. ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. లిఫ్ట్ విషయంలోకి వెళ్లిపోయారు.

అంటే ట్రాన్స్‌క్రిప్ట్‌లో 3,000 అనే అంకె పదిసార్లకు పైగా ఉంది. 2,800 ఒక్కసారే ఉంది. మీరు "దీన్ని సమ్మరైజ్ చెయ్" అని మాత్రమే అంటే, "మెయింటెనెన్స్‌ను 3,000కు పెంచే అంశంపై సభ్యులు విస్తృతంగా చర్చించారు" అని వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. కానీ అది చదివిన ఫ్లాట్ ఓనర్ జూన్‌లో 3,000 పంపిస్తారు. టూల్‌కి మీ అవసరం తెలియనప్పుడు ఎక్కువసేపు నడిచిన చర్చకే పెద్దపీట వేస్తుంది. మీటింగుల్లో మాత్రం చర్చ అరగంట నడుస్తుంది, నిర్ణయం అర నిమిషంలో అయిపోతుంది.

అందుకే ప్రయోజనం చెప్పడం అంటే "మీటింగ్ సమ్మరీ కావాలి" అనడం కాదు. "మీటింగ్‌కి రాలేకపోయిన ఓనర్లు ఇది చదివి, ఏ నెల నుంచి ఎంత కట్టాలో, దేనికి ఇంకా వాళ్ల అభిప్రాయం చెప్పాలో తెలుసుకోవాలి" అనాలి. ఈ ఒక్క వాక్యంతో టూల్ వెతికేది మారిపోతుంది. చర్చ ఎలా నడిచిందన్నది పక్కకు పోతుంది, తేలిన అంకె ముందుకొస్తుంది.

దీనికి తోడు ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. ఒకరు ప్రతిపాదించింది వేరు, అందరూ ఒప్పుకుంది వేరు, వాయిదా పడింది వేరు. ఈ మూడూ విడివిడిగా చూపించమని అడగండి. మన మీటింగులో లిఫ్ట్ ఏఎంసీ గురించి సెక్రటరీ గారు చివర్లో "సరే సరే, చూద్దాం లెండి" అని ముగించారు. అక్కడ కూర్చున్న మనిషికి అది తేలలేదని అర్థమవుతుంది. అక్షరాల్లో చూస్తే అందులో "సరే" ఉంది కాబట్టి, ఏఎంసీకి ఆమోదం లభించిందని టూల్ రాసేయొచ్చు. అలాగే బోరు విషయంలో తేలింది ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర 15వ తేదీలోపు కొటేషన్లు తీసుకోవడం వరకే. బోరు వేయాలని ఎవరూ తీర్మానించలేదు. "స్పష్టంగా ఒప్పుకున్నట్టు కనిపిస్తేనే నిర్ణయం అని రాయి, అనుమానం ఉంటే తేలనివాటిలో పెట్టు" అని ముందే చెబితే ఈ గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు ఎవరి కోసం అన్నది చూద్దాం. ఇదే ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి కనీసం ముగ్గురికి మూడు రకాల సమ్మరీలు కావాలి. అమెరికాలో ఉంటూ ఫ్లాట్ అద్దెకిచ్చిన ఓనర్‌కి డబ్బు సంగతి, తేలని విషయాలు కావాలి. అద్దెకున్నవాళ్లకి బోరు కొటేషన్లతో పని లేదు, ట్యాంకర్ నీళ్లు ఏ టైముకి వదులుతారో కావాలి. కమిటీ వాళ్లకి ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా అన్నది కావాలి. ముగ్గురికీ కలిపి ఒకటే అడిగితే ఎవరికీ సరిపోనిది వస్తుంది. మీ ప్రశ్నలో "ఎవరికీ పంపించేలా ఉండదు" అన్నమాట ఉంది చూశారా, అక్కడ జరుగుతున్నది ఇదే. విడివిడిగా అడగండి.

చదివేవాళ్ల గురించి చెప్పేటప్పుడు వాళ్లకి ఏం తెలుసో, ఏం తెలియదో కూడా చెప్పండి. "వీళ్లు మీటింగ్‌లో లేరు, బోరు ఎండిన సంగతి తెలుసు, ఏఎంసీ అంటే తెలియకపోవచ్చు" అని రాస్తే చాలు. ఏది వద్దో చెప్పడం కూడా అంతే అవసరం. మీటింగ్ మధ్యలో రెండు ఫ్లాట్ల వాళ్లు పార్కింగ్ గురించి గట్టిగా మాట్లాడుకున్నారనుకోండి. కమిటీ ఫైల్‌లో పార్కింగ్ ఫిర్యాదు వచ్చిందని ఉండాలి. నలభై ఇళ్లవాళ్లు చూసే వాట్సాప్ గ్రూప్‌లో ఎవరు ఎవరిని ఏమన్నారో ఉండకూడదు. అది టూల్‌కి తనంతట తాను తెలియదు. మీరే చెప్పాలి.

పేర్ల దగ్గర కూడా ఒక జాగ్రత్త. ట్రాన్స్‌క్రిప్ట్‌లో చాలాసార్లు స్పీకర్ 1, స్పీకర్ 2 అనే ఉంటుంది. దూరంగా కూర్చున్న ఒకే మనిషిని ఇద్దరిగా చూపించడం, ఇద్దరి మాటలు ఒకరికే అంటగట్టడం మామూలే. స్పీకర్ 1 ప్రెసిడెంట్, స్పీకర్ 3 ట్రెజరర్ అని మీకు తెలిసినంతవరకు చెప్పండి. మిగతాచోట్ల పేరు ఊహించకుండా "ఒక సభ్యుడు" అని రాయమనండి.

పొడవు గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, కానీ "షార్ట్‌గా" అనడం సరిపోదు. "పది పాయింట్లలో" అనడం ఇంకా ఇబ్బంది. తేలింది రెండే అయితే, మిగతా ఎనిమిదీ నింపడానికి "సభ్యులు ఆందోళన వ్యక్తం చేశారు" లాంటి వాక్యాలు వస్తాయి. పదాల లెక్క కూడా తెలుగులో కాస్త మోసం చేస్తుంది. మనకు ఒక్క మాటలోనే విభక్తి, క్రియ, అన్నీ కలిసిపోతాయి కాబట్టి వంద తెలుగు పదాల్లో ఇంగ్లీష్ వంద పదాల కంటే ఎక్కువ విషయం పడుతుంది. పైగా ఈ టూల్స్ పదాలు కచ్చితంగా లెక్కపెట్టవు. "ఎన్ని నిర్ణయాలుంటే అన్ని పాయింట్లు, ఒక్కో పాయింట్ రెండు వాక్యాలు దాటొద్దు" అనండి. పొడవు విషయాన్నిబట్టి దానికదే సర్దుకుంటుంది.

ఇక రూపం. దీన్ని ఎక్కడ పేస్ట్ చేస్తారో అది చెప్పండి. కమిటీకి టేబుల్ బాగుంటుంది. పని, బాధ్యత, గడువు అని మూడు కాలమ్స్ చాలు. గడువు చెప్పకపోతే ఆ గడిలో "చెప్పలేదు" అని రాయమనండి, లేకపోతే తేదీ కల్పించవచ్చు. అదే టేబుల్‌ని వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే నిలువు గీతలు, డ్యాష్‌లు తప్ప ఏమీ అర్థం కాదు. వాట్సాప్‌లో అక్షరాలు లావుగా రావాలంటే మాటకి రెండువైపులా ఒక్కో స్టార్ ఉండాలి. ఈ టూల్స్ మామూలుగా రెండేసి స్టార్లు పెడతాయి, అందుకే పేస్ట్ చేసినప్పుడు స్టార్లు మిగిలిపోయి కనిపిస్తుంటాయి. "వాట్సాప్ మెసేజ్, టేబుల్ వద్దు, స్టార్లు వద్దు, మామూలు లైన్లు" అంటే సరిపోతుంది.

ఇన్నీ కలిపి రాతలో పెడితే ఇలా ఉంటుంది. స్క్రీన్ మీద చూడండి.

"ఇది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్ ట్రాన్స్‌క్రిప్ట్. మీటింగ్‌కి రాని ఓనర్ల కోసం వాట్సాప్ మెసేజ్ రాయి. వాళ్లు చదివి ఏ నెల నుంచి ఎంత కట్టాలో, దేని మీద అభిప్రాయం చెప్పాలో తెలుసుకోవాలి. ముందు నిర్ణయాలు, తర్వాత తేలని విషయాలు. స్పష్టంగా ఒప్పుకున్నదాన్నే నిర్ణయంగా రాయి. ఒక అంకె మారుతూ వస్తే చివర ఒప్పుకున్నదే తీసుకో. ఒక్కో విషయం రెండు వాక్యాలు. వాదనలు, పేర్లు వద్దు. ప్రతి నిర్ణయం పక్కన ట్రాన్స్‌క్రిప్ట్‌లోని టైమ్ రాయి. టేబుల్, స్టార్లు వద్దు."

చివర్లో టైమ్ ఎందుకు అడిగామంటే, 2,800 పక్కన 1:12 అని ఉంటే మీరు రికార్డింగ్‌లో సరిగ్గా అక్కడికే వెళ్లి విని సరిచూసుకోవచ్చు. పంపేముందు ఆ టైమ్‌లు తీసేయండి. ఒక్క సంగతి, చాలామంది ట్రాన్స్‌క్రిప్ట్ శుభ్రం చేస్తున్నామని ముందే టైమ్‌లన్నీ చెరిపేస్తారు. లేని టైమ్ అడిగితే టూల్ ఊహించి రాసేయొచ్చు, కాబట్టి వాటిని ఉంచండి. ఫోన్ నంబర్లు, బ్యాంక్ వివరాలు మాత్రం పేస్ట్ చేసే ముందే తీసేయండి.

వినేటప్పుడు అంకెల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. తెలుగు ఆడియోని టెక్స్ట్‌గా మార్చేటప్పుడు "పదిహేను వందలు", "పదిహేను వేలు" తారుమారయ్యే ప్రమాదం ఉంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లోనే తప్పు పడితే, మీరు ఎంత బాగా అడిగినా సమ్మరీలో అదే తప్పు వస్తుంది. దానికి ఆడియో వినడం తప్ప వేరే దారి లేదు.

ట్రాన్స్‌క్రిప్ట్ మరీ పొడవైతే ముక్కలు చేసి ఇవ్వాల్సి వస్తుంది. మధ్యలో ఉన్న విషయాన్ని మొదట్లో, చివర్లో ఉన్నదానికంటే ఈ మోడల్స్ ఎక్కువగా వదిలేస్తాయని పరిశోధనల్లో కూడా తేలింది. అయితే అరగంటకో ముక్క అని కొయ్యకండి. మన మీటింగ్‌ని గంట దగ్గర కోస్తే, మొదటి ముక్కలో 3,000 మాత్రమే ఉంటుంది, 2,800 రెండో ముక్కలోకి పోతుంది. మెయింటెనెన్స్ మొదలైన దగ్గర్నుంచి లిఫ్ట్ మాట వచ్చేదాకా ఒక ముక్క, అలా విషయం వారీగా కొయ్యండి. ఎవరైనా చివర్లో "ఇందాకటి మెయింటెనెన్స్ గురించి" అని వెనక్కి వెళ్లారేమో ఫైండ్‌లో ఆ మాట వెతికి, ఆ నాలుగు లైన్లు కూడా ఆ ముక్కకే కలపండి.