సుడిదోమ దుబ్బు మొదట్లో, డ్రోన్ చేను పైన

రైతు సోదరులకు, సోదరీమణులకు, డ్రోన్ నడపడం నేర్చుకుని ఊళ్లో పిచికారీ పని చేపట్టిన యువతీయువకులకు నమస్కారం.

డ్రోన్ చేయగలిగిన పనులన్నీ ఏకరువు పెట్టడానికి ఈ సమయం చాలదు. అందువల్ల మన నెల్లూరు డెల్టాలో ప్రతి రైతుకూ తెలిసిన ఒక్క సమస్యను తీసుకుని, దాని మీద డ్రోన్ ఎంతవరకు పనికి వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వివరిస్తాను. ఆ సమస్య వరిలో సుడిదోమ. సోమశిల నీటితో నాటిన వరి దట్టంగా కమ్ముకుని, చిరుపొట్ట దశ దాటి ఈనికకు వచ్చే రోజుల్లో ఇది చేను మధ్యలో మొదలై సుడులు సుడులుగా పంటను ఎండబెడుతుంది. డ్రోన్‌ను పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన పురుగు వరిలో లేదని నా అభిప్రాయం. ఎందుకంటే అది ఉండేది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన. డ్రోన్ మందు చల్లేది ఆకుల పైనుంచి.

ముందుగా నీటి సంగతి చూద్దాం. చేతి పంపుతోగానీ తైవాన్ స్ప్రేయర్‌తోగానీ ఎకరం వరికి దాదాపు 200 లీటర్ల ద్రావణం వాడటం మనకు అలవాటు. 10 లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్ అదే ఎకరాన్ని ఒక్క ట్యాంకుతో ముగిస్తుంది. తగ్గేది నీరు మాత్రమే, ఎకరానికి పడవలసిన మందు మోతాదు తగ్గదు. ఉదాహరణకు సుడిదోమకు సిఫారసు చేసే పైమెట్రోజిన్ 50 శాతం గుళికల మందును లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలుపుతాం. 200 లీటర్లకు అది 120 గ్రాములు. డ్రోన్ ట్యాంకులోని 10 లీటర్లలో కూడా ఈ 120 గ్రాములే కలపాలి. అలవాటు కొద్దీ లీటరు లెక్కనే పట్టుకుంటే ట్యాంకులో పడేది 6 గ్రాములు, అంటే ఎకరానికి అందవలసిన దానిలో ఇరవయ్యో వంతు. అంత తక్కువ మోతాదుకు దోమ చావదు. మందు పని చేయలేదని నాలుగు రోజులకే మరో మందు కొంటాం.

ఇంత చిక్కని ద్రావణాన్ని నేరుగా ట్యాంకులో కలపకూడదు. మందును ముందు బకెట్‌లో కొద్ది నీటితో బాగా కరిగించి, గుడ్డలో వడగట్టి, ఆ తర్వాత ట్యాంకులో పోసి మిగిలిన నీరు చేర్చాలి. పురుగుమందు, తెగులుమందు, పోషకం మూడింటినీ కలిపి కొట్టే అలవాటు 200 లీటర్ల నీటిలో ఒక్కొక్కసారి చెల్లుబాటయి ఉండవచ్చుగానీ, 10 లీటర్లలో అవి విరిగి గడ్డకట్టి నాజిల్‌ను మూసివేసే ప్రమాదం చాలా ఎక్కువ. కలపక తప్పదనుకుంటే అదే నిష్పత్తిలో చిన్న గాజు సీసాలో కలిపి అరగంట ఉంచి చూడండి. అడుగున పేరుకున్నా, తరకలు కట్టినా, సీసా వేడెక్కినా ఆ కలయికను వదిలేయవలసిందే.

ఇక ఎకరానికి నిజంగా 10 లీటర్లు పడుతున్నాయో లేదో రైతు తానే తేల్చుకోవచ్చు. డ్రోన్ సెకనుకు 3 మీటర్ల వేగంతో, 4 మీటర్ల వెడల్పు పట్టీ తడుపుతూ పోతే సెకనుకు 12 చదరపు మీటర్లు పూర్తవుతాయి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక మలుపులు కాక 337 సెకన్లు, అంటే ఐదున్నర నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో 10 లీటర్లు ఖాళీ కావాలంటే నాజిల్స్ అన్నీ కలిసి నిమిషానికి 1.8 లీటర్లు వదలాలి. ట్యాంకులో మంచినీళ్లు పోసి, డ్రోన్‌ను నేల మీదే ఉంచి, రెక్కలు తిరగకుండా పంపు మాత్రం ఒక నిమిషం నడిపించి, ఒక్కొక్క నాజిల్ కింద కొలత పాత్ర పెడితే విషయం తేలిపోతుంది. నాలుగు నాజిల్స్ ఉంటే ఒక్కొక్క దాని కింద 450 మిల్లీలీటర్ల దగ్గరగా రావాలి. ఒక దాని కింద బాగా తగ్గిందంటే అది మూసుకుపోతోందని, ఎక్కువగా వచ్చిందంటే దాని రంధ్రం అరిగిపోయిందని అర్థం. పని త్వరగా ముగించడానికి వేగాన్ని రెట్టింపు చేస్తే, పంపు తనంతట తాను సర్దుకోని డ్రోన్లలో ఎకరానికి 5 లీటర్లే పడతాయి. ఎకరం పూర్తయ్యాక ట్యాంకులో సగం మిగిలి ఉంటే కారణం ఇదే.

మందు దుబ్బు మొదటికి చేరుతుందా అన్నది అసలు ప్రశ్న. రెక్కలు కిందికి తోసే గాలి ఆకులను విడదీసి తుంపరలను లోపలికి నెడుతుంది. డ్రోన్‌కు ఉన్న గొప్ప బలం ఇదే. అయితే డ్రోన్ చేను మీద రెండు మీటర్ల ఎత్తులో నెమ్మదిగా పోతున్నప్పుడే ఆ బలం నిలుస్తుంది. ఎత్తు నాలుగైదు మీటర్లకు పెరిగితే గాలి చెదిరిపోతుంది. వేగం పెరిగితే గాలి పాయ వెనక్కి వాలిపోయి, ఆకుల పైపైనే రాసుకుంటూ పోతుంది. చేను బాగా కమ్ముకున్నాక, ఎంత జాగ్రత్తగా నడిపినా, తుంపరల్లో పెద్ద భాగం పై ఆకుల మీదే నిలిచిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి తడి తగిలితే పసుపు నుంచి నీలానికి మారే కాగితాలు దొరుకుతాయి. ఒక కర్రకు పై ఆకుల ఎత్తులో ఒకటి, నడుమ ఒకటి, నీటికి జానెడు పైన ఒకటి తగిలించి, అలాంటి కర్రలను మడిలో నాలుగైదు చోట్ల పాతి, ముందుగా మంచినీళ్లతో ఒకసారి డ్రోన్ పోనివ్వండి. పై కాగితం నిండా చుక్కలుండి కింది కాగితం పసుపుగానే మిగిలితే, ఆ ఎత్తుతో, ఆ వేగంతో సుడిదోమకు మందు కొట్టడం వృథా. ఎత్తు, వేగం తగ్గించి, అవసరమైతే ఎకరానికి నీటిని 15 లీటర్లకు పెంచి మళ్లీ చూడాలి. నాట్ల సమయంలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలమని చెప్పే పాత సిఫారసు విలువ ఇక్కడ మరింత పెరుగుతుంది. ఆ సందుల్లోంచి వెలుతురు, గాలితోపాటు తుంపర కూడా కిందికి దిగుతుంది.

మందు స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది. తగిలితేనే చంపే మందు పై ఆకుల మీద పడితే కింద ఉన్న దోమకు ఏమీ కాదు. మొక్కలో ప్రవహించే మందుల్లో కూడా చాలావరకు పైకి మాత్రమే ప్రయాణిస్తాయి. పై ఆకు మీద పడినది మొదటికి దిగి రాదు. పైమెట్రోజిన్ పైకీ కిందికీ రెండు దిక్కులా కదలగలదు కనుక డ్రోన్ పనికి అది కాస్త అనుకూలం. ఏ మందుకైనా డ్రోన్‌తో వాడకానికి అనుమతి ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకున్నాకే కొనండి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను సుడిదోమ ఉన్న చేనులో ఏ పరికరంతోనూ కొట్టకండి. అవి దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపి దోమ తిరగబడి పెరగడానికి దారితీస్తాయి.

ఇందుకు భిన్నంగా, అగ్గితెగులు, మెడవిరుపు, ఆకుముడత వంటివి చేను పైభాగంలో ఉండే సమస్యలు. వాటి మీద డ్రోన్ చాలా చక్కగా పని చేస్తుంది. బురదలో దిగి పంట తొక్కవలసిన పని లేదు, మందు కొట్టే కూలీ ఒంటి మీద విషం పడదు. ఈ చివరి లాభం ఒక్కటే చాలు, డ్రోన్ మన ఊళ్లకు రావాలని నేను కోరుకోవడానికి.

ఇప్పుడు గాలి విషయం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల్లో వరి మడుల పక్కనే రొయ్యల గుంటలున్నాయి. ఐదెకరాల వరి చేనుకు పడమర గట్టు అవతల ఒక రొయ్యల గుంట ఉందనుకుందాం. మార్చి నెలలో పొద్దెక్కాక సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది, అంటే చేను మీదుగా నేరుగా గుంట వైపే. 100 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న తుంపర సెకనుకు పావు మీటరు చొప్పున మాత్రమే కిందికి దిగుతుంది. మూడు మీటర్ల ఎత్తు నుంచి నేల చేరడానికి దానికి 12 సెకన్లు కావాలి. గాలి సెకనుకు 3 మీటర్లు ఉంటే ఆలోగా అది 36 మీటర్లు కొట్టుకుపోతుంది. 50 మైక్రాన్ల తుంపరైతే అంతకు మూడు నాలుగు రెట్ల దూరం పోతుంది. రెక్కల గాలి వల్ల ఈ దూరం కొంత తగ్గినా, చేను అంచున డ్రోన్ మలుపు తిరిగే చోట ఆ రక్షణ ఉండదు. తుంపరలో ఉన్నది 20 రెట్లు చిక్కని మందు అన్న సంగతి కూడా మరవకూడదు. పైరిత్రాయిడ్ల వంటివి లీటరు నీటిలో మైక్రోగ్రాము కంటే తక్కువ మోతాదులోనే రొయ్యలను చంపగలవు.

ఈ చేనులో పని ఉదయం, నేల మీది నుంచి సముద్రం వైపు తేలికపాటి గాలి వీస్తున్నప్పుడు చేయాలి. గాలి పూర్తిగా స్తంభించిన వేళ కూడా మంచిది కాదు, ఎందుకంటే అప్పుడు సన్నటి తుంపర కిందికి దిగకుండా పొరగా నిలిచి, తర్వాత ఎటు కదిలితే అటు పోతుంది. వరి పూత విచ్చుకునే రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా పిచికారీ ఆపాలి కనుక, సముద్ర తీరంలో డ్రోన్‌కు మిగిలే సమయం రోజుకు రెండు గంటలు కూడా ఉండకపోవచ్చు. గుంట వైపు కొన్ని పట్టీలు పూర్తిగా వదిలేసి, అక్కడ పెద్ద తుంపరల నాజిల్‌తో మనిషి చేతనే కొట్టించాలి. గుంట యజమానికి ముందురోజే చెప్పడం కనీస ధర్మం.

సర్వే విషయానికి వస్తే, ఎరుపు కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని విడివిడిగా కొలిచే కెమెరాతో డ్రోన్ పంపితే, చేనులో ఎక్కడ పచ్చదనం తగ్గిందో కొన్ని సెంటీమీటర్ల వివరంతో పటం వస్తుంది. వంద ఎకరాల్లో ఏ మూల చూడాలో చెప్పడానికి ఇది మంచి సాధనం. కానీ పటం తేడాను చూపుతుంది, కారణాన్ని చెప్పదు. జింకు లోపం, చౌడు, నీటి ముంపు, ఎండాకు తెగులు, సుడిదోమ అన్నీ అందులో ఒకే రంగు మచ్చగా కనిపించవచ్చు. పైగా సుడిదోమ ఆకుల కింద పెరుగుతుంది కనుక, మచ్చ పటంలో కనిపించే నాటికి ఆ దుబ్బులు ఎండిపోవడం మొదలై ఉంటుంది. కాబట్టి మడిలో దిగి దుబ్బును వంచి తట్టి లెక్కపెట్టే పని తప్పదు. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలుంటేనే మందు అవసరం.

నియమాల గురించి రెండు మాటలు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పిచికారీ డ్రోన్ నడిపేవారికి గుర్తింపు పొందిన శిక్షణ సంస్థ నుంచి వచ్చిన పైలట్ ధ్రువపత్రం ఉండాలి, డ్రోన్‌కు నమోదు సంఖ్య ఉండాలి. ఎగిరే ముందు డిజిటల్ స్కై పటంలో మీ చేను ముందస్తు అనుమతి అవసరం లేని ఆకుపచ్చ మండలంలో ఉందో లేదో చూసుకోవాలి. అద్దెకు పిలిచే రైతు ఈ రెండు పత్రాలూ అడిగి చూడవచ్చు.

పిచికారీ అయ్యాక, ముందు లెక్కపెట్టిన దుబ్బుల దగ్గరే మూడో రోజున, ఐదో రోజున, ఏడో రోజున మళ్లీ లెక్కపెట్టండి. పైమెట్రోజిన్ తగిలిన దోమ రసం పీల్చడం మానేస్తుందిగానీ వెంటనే చావదు. రెండో రోజున దోమ కదులుతోందని మళ్లీ మందు కొట్టవద్దు. ఏడో రోజుకూ సంఖ్య తగ్గకపోతే, చేను అంచుల్లో ఎంత ఉంది, నడుమ ఎంత ఉంది వేరువేరుగా రాసుకోండి. అంతటా ఒకేలా మిగిలితే మోతాదును, తుంపర లోతును అనుమానించాలి. పట్టీలు పట్టీలుగా మిగిలితే నాజిల్‌ మూసుకుపోయిందో, పట్టీల మధ్య ఎడం వచ్చిందో చూడాలి. అలాంటప్పుడు మిగిలిన పట్టీల్లో కాలిబాటల వెంట మనుషులను దించి, తైవాన్ స్ప్రేయర్ గొట్టాన్ని దుబ్బుల మొదళ్లకు తిప్పి కొట్టించండి.