మెయిల్ న్యూస్‌లెటర్‌ని మూడు మడతల కరపత్రంగా మార్చేటప్పుడు ఏది ఎక్కడ పెట్టాలి?

[బల్ల మీద తెల్ల ఏ4 కాగితం, పెన్సిల్, స్కేలు]

నమస్కారమండి. పొందూరు ఖాదీ గురించి మేము మెయిల్‌లో పంపే న్యూస్‌లెటర్‌ని, సంక్రాంతికి శ్రీకాకుళంలో చేతికివ్వడానికి కరపత్రంగా వేయించాం. మెయిల్‌లో అంతా ఒకటే వరస, పైనుంచి కిందికి. కాగితం మడిస్తే ఆ వరస చెదిరిపోతుంది. అందుకే కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం మడవండి.

[చేతులు మాత్రమే కనిపిస్తాయి]

కాగితం అడ్డంగా పెట్టి, కుడివైపు మూడో వంతు లోపలికి మడిచి, దాని మీదికి ఎడమవైపు మడవండి. ఇప్పుడు చదివే వరసలో అంకెలు వేద్దాం. పైన కనిపించే అట్ట 1. అట్ట తెరవగానే కుడివైపు ఉన్నది 2, ఎడమవైపు ఉన్నది 3. ఆ రెండోది కూడా విప్పితే నడుమ 4, కుడివైపు 5. వీపు వైపు 6.

[కాగితం పూర్తిగా విప్పి రెండు వైపులా చూపాలి]

చూశారా? బయటి వైపు ఎడమ నుంచి 2, 6, 1. లోపలి వైపు 3, 4, 5. అట్ట కుడి చివరన ఉంది.

నేను పొరపాటు చేసింది 2 దగ్గర. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసే కథనాన్ని 2లో మొదలుపెట్టి 3లో కొనసాగించాను. కానీ అట్ట తెరిచినవాళ్లకు ఎడమన 3, కుడిన 2 పక్కపక్కనే కనిపిస్తాయి. అందరూ ఎడమ నుంచే చదివారు, అంటే సగం నుంచి! మళ్లీ వేయించినప్పుడు దువ్వడం, వడకడం, నేయడం వరసగా 3, 4, 5లో పెట్టాను. 2లో ధరల పట్టిక. ముందు వెనుకలతో పని లేకుండా, తనంతట తాను అర్థమయ్యేదే అక్కడ ఉండాలి.

[స్కేలుతో కొలత]

ఏ4 వెడల్పు 297 మిల్లీమీటర్లు. సమానంగా పంచకండి. లోపలికి వెళ్లే ప్యానెల్ 97, మిగతావి 100 చొప్పున. లేకపోతే అది మడత గీతకు తగిలి ఉబ్బుతుంది. బయటి పేజీలో 97 ఎడమన, లోపలి పేజీలో కుడిన వస్తుంది. రెండు పేజీలకూ ఒకే గైడ్లు వాడితే మడత అక్షరాల మీద పడుతుంది.

మెయిల్‌లోని బొమ్మలు సాధారణంగా 600 పిక్సెళ్ల వెడల్పే ఉంటాయి. ముద్రణలో అవి 5 సెంటీమీటర్లకే స్పష్టంగా వస్తాయి. ప్యానెల్ నిండుగా కావాలంటే కెమెరాలోని అసలు ఫోటో తీసుకోండి. 'ఇక్కడ నొక్కండి' బటన్లు తీసేసి, 6లో చిరునామా, క్యూఆర్ కోడ్ పెట్టండి.

[ప్రింట్ విండో దగ్గరగా]

రెండు వైపులా ప్రింట్‌కి Flip on short edge ఎంచుకోండి. మరొకటి ఎంచుకుంటే లోపలి వైపు తలకిందులవుతుంది. ఒక్క కాపీ తీసి, మడిచి, ఈ కథనం చదవనివాళ్ల చేతికివ్వండి. ఏ ప్యానెల్ తర్వాత ఏది చదువుతున్నారో చూసి, ఆ తర్వాతే ప్రెస్సుకి ఫైలు పంపండి.