మైనస్ 18 లెక్క: మిగతా 33 డిగ్రీలు ఎక్కడివి?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, మా డిగ్రీ ఫస్టియర్ క్లాసులో భూమి ఉష్ణోగ్రత లెక్క చేస్తే మైనస్ 18 వచ్చింది. ఇక్కడ ఎండాకాలం మాడిపోతున్నాం. లెక్కలో తప్పెక్కడుంది?”

తప్పేం లేదు తమ్ముడూ. ఆ మైనస్ 18 మనం నిలబడ్డ నేలది కాదు, అంతే. అది ఎవరిదో తెలియాలంటే ఒకసారి లెక్క మళ్ళీ చేద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి.

సూర్యుడికి ఎదురుగా, గాలి పొరకు పైన, ఒక చదరపు మీటరు పలక పట్టుకున్నామనుకోండి. దాని మీద పడేది 1361 వాట్లు. దీన్ని 4తో భాగించాలి. ఈ 4 చాలామందికి అర్థం కాదు. భూమి ఎండను అడ్డుకునేది ఒక జొన్నరొట్టెంత గుండ్రంగా. భూమి నీడ కూడా గుండ్రమే కదా. కానీ ఆ ఎండను పంచుకోవాల్సింది రొట్టె కాదు, మొత్తం బంతి. అదే వ్యాసమున్న బంతి పైతోలు వైశాల్యం రొట్టెకు సరిగ్గా 4 రెట్లు. రాత్రిలో ఉన్న అమెరికాకు కూడా వాటా ఇవ్వాలి మరి. 1361ని 4తో భాగిస్తే 340.

ఇందులో అంతా లోపలికి రాదు. మన దగ్గర మార్చి వస్తే డాబా మీద సున్నం వేస్తారు. ఎందుకు? నల్లబడ్డ సిమెంటు స్లాబ్ ఎండను తాగేస్తుంది, తెల్ల సున్నం చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. ఇలా వెనక్కి పోయే వాటానే ఆల్బెడో అంటారు. భూమి మొత్తానికి అది దాదాపు 0.30. అంటే నూటికి 30 వంతులు వేడి చేయకుండానే తిరిగి పోతాయి. మంచు, ఇసుక నేలలు కూడా తమ వంతు పంపిస్తాయి కానీ, ఈ పనిలో పెద్ద చేయి మబ్బులదే. 340లో 30 శాతం తీసేస్తే మిగిలేది 238.

ఇప్పుడు ఖర్చు వైపు. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనపడని పరారుణ కిరణాలు వదులుతుంది. ఎంత వదులుతుందో స్టీఫాన్–బోల్ట్జ్‌మన్ సూత్రం చెబుతుంది: ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని σతో గుణించాలి. భూమి కుదురుగా ఉండాలంటే వచ్చే 238, పోయే 238 సమానం కావాలి. స్క్రీన్ మీద చూడండి, S అంటే ఆ 1361, A అంటే ఆల్బెడో, T అంటే కెల్విన్లలో ఉష్ణోగ్రత:

```
S(1 − A)/4 = σT⁴
σ = 5.67 × 10⁻⁸
T = (238/σ)^(1/4) ≈ 255 K
```

నాలుగో మూలం బటన్ లేదని కంగారు పడొద్దు, వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి. 255లోంచి 273 తీసేస్తే మైనస్ 18. ఎవరికైనా 87 డిగ్రీలు వచ్చిందంటే 4తో భాగించడం మరిచిపోయారు. నేను మొదటిసారి చేసినప్పుడు నాకూ అదే వచ్చింది, పైగా “మన నల్గొండకు సరిపోయిందిలే” అనుకున్నాను.

మరి ఈ మైనస్ 18 ఎవరిది? చాలా దూరం నుంచి, అంతరిక్షంలోంచి, భూమి బయటకు వదిలే వేడిని కొలిచేవాడికి కనపడే ఉష్ణోగ్రత అది. ఆ వేడిలో ఎక్కువ భాగం నేల నుంచి నేరుగా పోదు, పైన చల్లటి గాలి పొరల నుంచి పోతుంది. నేల సగటు దాదాపు 15 డిగ్రీలు. తేడా 33. అదే గ్రీన్‌హౌస్ ప్రభావం.

ఇది చూడ్డానికి ల్యాబ్ అక్కర్లేదు, డాబా మీద పడుకున్నవాళ్ళందరికీ తెలుసు. సంక్రాంతి రోజుల్లో ఆకాశం తేటగా ఉంటే తెల్లవారుజామున దుప్పటి చాలదు. అదే మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోతతో నిద్ర పట్టదు. పరారుణ థర్మామీటర్ గన్ దొరికితే, సూర్యుడి వైపు కాకుండా, తేట రాత్రి ఆకాశం వైపు పెట్టి చూడండి. చలికాలంలో అది సున్నా కంటే కిందికి పోతుంది. కిందికి దిగిన మబ్బు మీద పెడితే అంకె బాగా పెరుగుతుంది. మబ్బు కింది వైపుకు వేడి పంపుతోందన్న మాట. ఒక్క జాగ్రత్త: ఆ గన్‌లు సాధారణంగా 8 నుంచి 14 మైక్రాన్ల మధ్యే చూస్తాయి. గాలి వేడిని బాగా వదిలేసే కిటికీ దాదాపు అక్కడే ఉంది. కాబట్టి తేట ఆకాశం నిజంగా ఉన్నదానికంటే చల్లగా కనపడుతుంది.

ఇప్పుడు 33ని లెక్కలోకి తెద్దాం. గాలినంతా ఒకే పల్చటి పొర అనుకుందాం. ఎండను లోపలికి రానిస్తుంది, నేల వదిలే వేడిలో 78 శాతం పట్టుకుంటుంది, పట్టుకున్నది సగం పైకి, సగం కిందికి వదులుతుంది. నేల 15 డిగ్రీల దగ్గర, అంటే 288 కెల్విన్ల దగ్గర, 390 వాట్లు వదులుతుంది. అందులో 22 శాతం, అంటే 86, నేరుగా బయటకు పోయింది. పొర పట్టుకున్న 304లో సగం, 152, పైకి పోయింది. 86, 152 కలిపితే 238. బయటి లెక్క సరిపోయింది! నేల లెక్క చూడండి: ఎండ నుంచి 238, పొర నుంచి 152, మొత్తం 390. ఇదీ సరిపోయింది.

ఈ 78 ఎక్కడి నుంచి తెచ్చాను? నిజం చెప్పాలంటే, 15 డిగ్రీలు రావాలని వెనక నుంచి పట్టుకున్న అంకె అది. ఎవరూ కొలిచింది కాదు. నూటికి నూరు పట్టుకునే పొర పెడితే నేల 30 డిగ్రీలకు చేరుతుంది, అది మరీ ఎక్కువ. అసలు గాలిలో పొరలు ఎన్నో, పైగా నేల వేడిలో చాలా భాగం నీటి ఆవిరిగా, పైకి లేచే గాలిగా కూడా పోతుంది. మన నమూనాలో ఆ దారే లేదు. కాబట్టి దీంతో వచ్చే ఏడాది ఎండలు చెప్పబోకండి.

“వేడి ఊరికే ఎలా పుట్టింది” అని చాలామంది అడుగుతారు. పుట్టలేదు. మన ఊరి చెరువు తలుచుకోండి. వాగు నుంచి ఎంత వస్తే అంత అలుగు మీది నుంచి పోతోంది. అలుగు మీద రెండు వరుసల ఇసుక బస్తాలు వేయండి. కాసేపు బయటకు పోయేది తగ్గుతుంది, నీళ్ళు పైకి లేస్తాయి. బస్తాల ఎత్తు దాటాక మళ్ళీ వచ్చినంతా పోతుంది. రాక మారలేదు, పోక మారలేదు, మట్టం మాత్రం పెరిగింది. నీటి ఆవిరి, మబ్బులు, కార్బన్ డయాక్సైడ్ చేసేది ఇదే. మనం బొగ్గు, డీజిల్ కాల్చి వేసే కార్బన్ డయాక్సైడ్ కొత్త బస్తా. ఇప్పుడు మనం ఆ “కాసేపు”లోనే ఉన్నాం: లోపలికి వచ్చేది పోయేదానికంటే కొంచెం ఎక్కువ, ఆ మిగులులో సుమారు 90 శాతం సముద్రాలు మింగుతున్నాయి.

78ని 80 చేసి, ఈ సూత్రంతో మీరే చూడండి:

```
Ts = 254.5 × (2/(2 − ε))^(1/4)
```

Ts అంటే నేల ఉష్ణోగ్రత, 254.5 అంటే ఇందాకటి 255నే గుండ్రం చేయకముందు అంకె, ε అంటే పొర పట్టుకునే వాటా, ఇక్కడ 0.80. నాకు 289.2 కెల్విన్లు వచ్చింది, అంటే 1.2 డిగ్రీలు ఎక్కువ. మీకు 288 కంటే తక్కువ వచ్చిందంటే, 2లోంచి తీయాల్సింది పట్టుకున్న వాటాను, వదిలేసిన 0.20ని కాదు.