క్లెయిమ్ లెటర్ పంపేముందు ఒకసారి తేదీలు కలిపి చూడండి

అందరికీ నమస్కారం. ఆస్పత్రి ఖర్చు ముందు మనం కట్టి, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్ గురించే ఈరోజు మాట్లాడతాను. క్యాష్‌లెస్ దారి వేరు, అందులోకి వెళ్లను.

లెటర్ అందుకున్నవాళ్లకు మన మొహం తెలియదు, మన కష్టం తెలియదు. వాళ్ల ముందున్నవి కాగితాలే. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంతో కలుస్తోందా అన్నదే వాళ్లు చూస్తారు. ఆ పని వాళ్లకంటే ముందు మనమే చేసుకోవాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. 2025 మార్చి 11 రాత్రి 11.40కి అడ్మిషన్, 14న డిశ్చార్జ్. పాలసీ మొదలైంది 2022 మే 2న, మధ్యలో ఎక్కడా ఆగలేదు. లెటర్‌లో అడిగింది 78,250 రూపాయలు.

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గీతలు గీయండి. డిశ్చార్జ్ సమ్మరీ, ఆస్పత్రి ఫైనల్ బిల్లు, క్లెయిమ్ ఫారం, మన లెటర్. ఒక్కోదాంట్లో పేరు, అడ్మిషన్ తేదీ, డిశ్చార్జ్ తేదీ ఏమున్నాయో చూసి రాయండి. గుర్తున్నది రాయకండి, కాగితం మీద ఉన్నదే రాయాలి. మన ఉదాహరణలో సమ్మరీలో 11 ఉంది, బిల్లులో 12 ఉంది. కారణం చిన్నదే: అర్ధరాత్రి దాటాక కౌంటర్‌లో కంప్యూటర్‌లో ఎక్కించారు. కానీ చూసేవాళ్లకు ఆ సంగతి తెలియదు, ‘వివరణ ఇవ్వండి’ అని ఉత్తరం వస్తుంది. బిల్లింగ్ సెక్షన్‌లో బిల్లు సరిచేయించుకోండి. వీలుకాదంటే ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద అడ్మిషన్ సమయం రాయించి, సంతకం, ముద్రతో ఒక కాగితం తీసుకోండి. పెన్నుతో మీరే 12ను 11 చేస్తే మాత్రం మొత్తం ఫైలు మీదే అనుమానం మొదలవుతుంది.

అసలు ప్రమాదం సమ్మరీలో ‘పాస్ట్ హిస్టరీ’ అనే ఒక్క లైన్‌లో ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. మన కేసులో అక్కడ ‘మూడేళ్లుగా రాళ్లున్నాయి’ అని ఉంది. లెక్క వేయండి. 2025 మార్చి నుంచి మూడేళ్లు వెనక్కి వెళితే 2022 మార్చి. పాలసీ మొదలవడానికి రెండు నెలల ముందు! అంటే పాలసీకి ముందే ఉన్న జబ్బు. ఈ పాలసీలో అలాంటి జబ్బుకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, 36 నెలలు, అడ్మిషన్ నాటికి నిండింది 34. క్లెయిమ్ తిరస్కరించడానికి ఆ లైన్ ఒక్కటి చాలు.

నిజానికి రాళ్లు మొదటిసారి బయటపడింది 2024 డిసెంబర్ స్కాన్‌లో. పేషెంట్ ‘మూడు నెలలు’ అంటే రాసినవాళ్లు ‘మూడేళ్లు’ అని రాశారు. అప్పుడు ఆ స్కాన్ రిపోర్టు చూపించి, చికిత్స చేసిన డాక్టరు చేతే సవరణ చేయించుకుని, సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. రిపోర్టు నకలు లెటర్‌కు జతచేయాలి. ఒకవేళ మూడేళ్లన్నదే నిజమైతే? అప్పుడు మార్చమని అడగకూడదు. అది తప్పు దిద్దడం కాదు, మోసం.

ఇక డబ్బు లెక్క. ఆస్పత్రి బిల్లు 68,400, బయట కొన్న మందులు 6,250, అడ్మిషన్‌కు ముందు తీయించిన స్కాన్ 1,800. కూడితే 76,450 వస్తుంది. లెటర్‌లో 78,250 ఎలా వచ్చింది? స్కాన్ బిల్లు ఒకటి, దాని రశీదు ఒకటి, రెండింటినీ విడివిడిగా కూడారు. ఇది రోజూ జరిగే పొరపాటే. బిల్లులకు నంబర్లు వేసి, ఆ నంబర్ల వరుసలోనే లెటర్‌లో జాబితా రాస్తే ఇలాంటిది రాసేటప్పుడే కనిపించిపోతుంది.

లేని కాగితాల్లో ఎక్కువగా మరిచిపోయేది మందుల చీటీ. ఫార్మసీ బిల్లు ఒక్కటే పెడితే సరిపోదు, ఆ మందులు రాసిన చీటీ ఉండాలి, దాని తేదీ బిల్లు తేదీ కంటే ముందుగానో అదే రోజుగానో ఉండాలి. ఇంకోటి, క్లెయిమ్ ఫారంలో రెండో భాగం ఆస్పత్రి నింపాలి. అది ఖాళీగా వెళ్లిపోతుంటుంది. ప్రమాదం కేసైతే పోలీసులకు తెలపడానికి ఆస్పత్రి రాసే ఎంఎల్‌సీ కాగితం గానీ ఎఫ్‌ఐఆర్ గానీ అడుగుతారు. క్యాన్సిల్డ్ చెక్కు మీద పేరు, పాలసీలో పేరు ఒకటిగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు మనవాళ్లకు మామూలే కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చూసుకోండి.

కాగితాలు పంపడానికి గడువు పాలసీ బుక్‌లెట్‌లో ఉంటుంది, డిశ్చార్జ్ రోజు నుంచి లెక్కపెడతారు. సవరణ కోసం ఆలస్యమవుతుందనిపిస్తే, ఉన్నవాటిని గడువులోపే పంపి, ఫలానా కాగితం తర్వాత వస్తుందని లెటర్‌లోనే రాయండి. ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతి పేజీకీ జిరాక్స్ తీసుకుని, ఇచ్చినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి.