ఫొటోలోంచి ఒక కెమెరాను తీసేస్తే

శ్రోతలందరికీ నమస్కారం.

2013 సెప్టెంబరు 29. సిరియాలోని ఇడ్లిబ్ ప్రాంతంలో కాల్పులు జరుగుతున్నాయి. తుపాకీ పట్టుకున్న ఒక తిరుగుబాటుదారు తూటాల నుంచి తప్పించుకుంటున్నాడు. నార్సిసో కాంట్రెరాస్ అనే ఫొటోగ్రాఫర్ ఆ క్షణాన్ని ఫొటో తీశాడు. ఫ్రేములో ఎడమ వైపు కింది మూలన, నేల మీద మరో విలేకరి వీడియో కెమెరా పడి ఉంది. అది చూపును పక్కకు లాగుతుందని ఆయనకు అనిపించింది. అదే ఫొటోలో వేరేచోట ఉన్న నేలను కాపీ చేసి, కెమెరా మీద అతికించి, దాన్ని కనిపించకుండా చేశాడు. ఆ ఫొటోను అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థకు పంపాడు.

కొన్ని నెలల తర్వాత ఈ సంగతిని ఆయనే సంపాదకులకు చెప్పాడు. 2013లో సిరియా ఫొటోలకు పులిట్జర్ బహుమతి అందుకున్న బృందంలో ఆయన ఒకడు. అయినా 2014 జనవరిలో సంస్థ ఆయనతో తెగతెంపులు చేసుకుంది. ఆయన తీసిన దాదాపు 500 ఫొటోలను పరిశీలించింది. మరెక్కడా మార్పు కనిపించలేదు. అయినా ఆయన ఫొటోలను తన భాండాగారం నుంచి తొలగించింది.

ఒక మూలనున్న కెమెరాకు ఇంత శిక్షా అని చాలామంది అడిగారు. మనిషి నిజం, కాల్పులు నిజం, వార్త ఏమీ మారలేదు కదా అన్నారు. ఈ వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ ఆ కెమెరా కూడా ఒక సమాచారమే. అక్కడ ఇంకో విలేకరి ఉన్నాడని అది చెబుతోంది. ఆ పోరాటాన్ని ఎంతమంది చిత్రీకరిస్తున్నారు, కెమెరాలు చుట్టూ ఉన్నప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారు అన్న ప్రశ్నలు చూసేవాళ్లకు రావచ్చు. రాకూడదని నిర్ణయించే హక్కు ఫొటోగ్రాఫర్‌కు లేదు. పైగా ఏది ముఖ్యం కాదో అప్పుడే తేల్చలేం. పదేళ్ల తర్వాత అదే ఫొటోను ఇంకెవరో ఇంకేదో వెతకడానికి చూడొచ్చు.

మరి ఏది చేయొచ్చు? వెలుతురు కాస్త పెంచడం, తగ్గించడం, రంగులను సహజంగా సరిచేయడం, అంచులు కత్తిరించడం వార్తాసంస్థలు ఒప్పుకుంటాయి. కెమెరాలో కాంతిని పట్టే సెన్సర్ మీది దుమ్ము చుక్కనూ తుడవనిస్తాయి. ఎందుకంటే ఆ దుమ్ము కెమెరా లోపలిది, లెన్సు ముందున్న లోకంలోది కాదు. గీత గీయాల్సింది అక్కడే అని నా అభిప్రాయం. లెన్సు ముందు ఉన్నది చిన్నదైనా తీయకూడదు, లేనిది చిన్నదైనా పెట్టకూడదు. వెలుతురు సర్దుబాటులోనూ ఒక చిక్కుంది. నీడను నల్లగా ముంచేసి అందులో నిలబడ్డ మనిషిని మాయం చేస్తే, అతికించినా ముంచినా ఫలితం ఒకటే.

2006 ఆగస్టులో బీరూట్ మీద బాంబుదాడి తర్వాత తీసిన ఒక ఫొటోను రాయిటర్స్ విడుదల చేసింది. అందులో పొగను కాపీ చేసి మరింత దట్టంగా చేశారు. పాఠకులే దాన్ని పట్టేశారు. ఒకే ఆకారంలోని పొగ వంపులు పక్కపక్కనే మళ్లీ మళ్లీ కనిపించాయి. నిజమైన పొగ అలా లేవదు. సంస్థ ఆ ఫొటోగ్రాఫర్‌వి మొత్తం 920 ఫొటోలను వెనక్కి తీసుకుంది. కాంట్రెరాస్ పని మాత్రం అంత మొరటుగా లేదు. మట్టి, రాళ్లు ఉన్న నేల మీద అతుకు కంటికి ఆనదు. అలాంటిది తేలాలంటే కెమెరా మొదట దాచిన రా ఫైల్‌ను పక్కన పెట్టి పోల్చాలి. పెద్ద ఫొటో పోటీలు చివరి దశలో ఆ ఫైలు అడిగేది అందుకే. వార్త చదివేవాళ్ల చేతికి మాత్రం ఆ ఫైలు రాదు.

డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీలో కొంచెం వెసులుబాటు ఉండాలనేవాళ్లున్నారు. అమెరికా ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936లో తీసిన వలస కూలీ తల్లి ఫొటో ప్రపంచమంతా చూసింది. కుడివైపు కింద, గుడారం గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు అడ్డొచ్చిందని లాంగ్ కొన్నేళ్ల తర్వాత నెగెటివ్‌లో దాన్ని చెరిపించారు. ఆమె పనిచేసిన ప్రభుత్వ విభాగం అధిపతి రాయ్ స్ట్రైకర్‌కు అది నచ్చలేదు. ఆ తల్లి బాధ నిజం కాకుండా పోలేదు, నేనూ ఒప్పుకుంటాను. అయినా స్ట్రైకర్ పక్షమే నాది. ఆ ఫొటోలు దేశంలోని పేదరికానికి రుజువుగా తీసినవి. రుజువును చెరిపారని తెలిస్తే, ఒప్పుకోవడం ఇష్టం లేనివాళ్లు మిగతాదంతా కల్పితమనడానికి అదే పట్టుకుంటారు.

కాంట్రెరాస్‌కు దారి లేకపోలేదు. కెమెరా ఉన్నది మూలనే కాబట్టి ఆ అంచును కత్తిరించి పంపొచ్చు. కత్తిరింపు కూడా దాస్తుంది, నిజమే. కానీ ఫొటో అంచు అవతల ఇంకేదో ఉంటుందని చూసే ప్రతివాళ్లకూ తెలుసు. అంచు లోపల కనిపించే నేల మాత్రం నిజంగా అక్కడి నేలేనని నమ్ముతారు. కత్తిరించడం కుదరకపోతే కెమెరాను అలాగే ఉంచి, అది తోటి విలేకరిదని ఫొటో కింద ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.