కోర మీసం పెట్టినంత మాత్రాన విలన్ అవ్వడు: గుండ్రం, పలక, మొన ఎక్కడ పనిచేస్తాయి

[తెర మీద: గుండ్రటి పొట్ట, గుండ్రటి తల ఉన్న మనిషి బొమ్మ. కోర మీసం, కోసుగా ఉన్న కాలర్, కిందికి వాలిన కనుబొమలు.]

నమస్కారం. ఈ బొమ్మ గీసినవాళ్ల ఉద్దేశం వీడు విలన్ అని. గుండ్రం అంటే మంచివాడు, పలక అంటే మొండివాడు, త్రిభుజం అంటే ప్రమాదం అని చదివారు కాబట్టి మీసంలో త్రిభుజం, కాలర్‌లో త్రిభుజం, కనుబొమల్లో త్రిభుజం పెట్టారు. అయినా వీణ్ని చూస్తే భయం వేయడం లేదు. సాయంత్రానికి కోపం తగ్గిపోయే బాబాయిలా ఉన్నాడు.

పోర్ట్‌ఫోలియోల్లో ఈ పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే గీత బాగుంటుంది, రంగులు బాగుంటాయి. ఆకారాన్ని మాత్రం నగలా చివర్లో తగిలిస్తారు. ఆకారం ఎముకలా మొదటి నుంచీ ఉండాలి.

[తెర నల్లగా మారుతుంది.]

రాత్రి కరెంటు పోయిందనుకోండి. వంటింట్లోకి వెళ్లి చీకట్లో చెయ్యి చాచారు. ముందుగా ఒక చెంబు తగిలింది. చేతికి ఎక్కడా అడ్డు తగలదు, కాస్త నెడితే దొర్లిపోతుంది. మీరు చెయ్యి వెనక్కి తీసుకోరు. తర్వాత కాలికి నాలుగు పలకల రుబ్బురోలు తగిలింది. నెట్టి చూస్తారు, అది కదలదు. మీరే పక్కకి జరగాలి. ఆ తర్వాత చేతికి ఒక మొన తగిలింది. అది కత్తిపీట అని మనసుకి తట్టేలోపే చెయ్యి వెనక్కి వచ్చేసి ఉంటుంది.

షేప్ లాంగ్వేజ్ అంటే ఇదే. బొమ్మని చూసినప్పుడు కన్ను ఈ చేతి పనే చేస్తుంది. ముట్టుకుంటే ఏమవుతుందో ముందే ఊహిస్తుంది. గుండ్రం మంచిదని ఎవరో నిర్ణయించలేదు. చెంబు గుచ్చుకోదు, అంతే. రోలు జరగదు కాబట్టి పలక మొండిది. కత్తిపీట కోస్తుంది కాబట్టి మొన భయపెడుతుంది.

కత్తిపీటని ఇంకాసేపు చూద్దాం, దానిలో చాలా ఉంది.

[తెర మీద: పక్క నుంచి చూసిన కత్తిపీట. వంపు గీత ఎర్రగా, కొన పసుపుగా.]

దాని కత్తి వంపు తిరిగే ఉంటుంది. అది వంపు గీతే అయినా స్నేహంగా అనిపించదు, ఎందుకంటే ఆ వంపు వెళ్లి ఒక మొన దగ్గర ఆగుతుంది. అంటే భయం గీత నిటారుగా ఉందా, వంగి ఉందా అన్నదాంట్లో లేదు. రెండు గీతలు కలిసే కోణం ఎంత ఇరుకు అన్నదాంట్లో ఉంది. పలకలో కోణం తొంభై డిగ్రీలు. దాన్ని నలభైకి, ముప్పైకి తెస్తున్నకొద్దీ రోలు కత్తిపీట అవుతుంది. మూలల్ని అరగదీస్తూ పోతే అదే రోలు చెంబు అవుతుంది. మూల గుండ్రం బొమ్మ వెడల్పులో పదో వంతు వరకు ఉంటే ఇంకా మొండివాడే. నాలుగో వంతు దాటిందంటే మెత్తబడిపోతాడు. ఇది చేతి లెక్క, గీసి చూసుకుంటే మీకే తెలుస్తుంది.

ఇంకో విషయం, మొన ఎటు చూస్తోంది? అదే కత్తిపీటని ఇంట్లో వాడనప్పుడు పక్కకి పడుకోబెడతారు. వస్తువు మారలేదు, మొన దిశ మారింది, అంతే. త్రిభుజాన్ని వెడల్పు కిందికి పెడితే కొండలా, గుడి గోపురంలా స్థిరంగా కూర్చుంటుంది. తిరగేసి మొన కిందికి పెడితే మీద పడేలా ఉంటుంది. 2007లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రిస్టీన్ లార్సన్, జోయెల్ ఆరోనాఫ్ బృందం ముఖాలేవీ లేకుండా ఒట్టి గీతల ఆకారాలు చూపించి పరీక్షించింది. మొన కిందికి ఉన్న 'వి' ఆకారం మీదికి చూపు తొందరగా వెళ్లింది. కోపంగా ముడిపడ్డ కనుబొమలు, కిందికి దిగిన గడ్డం కలిస్తే వచ్చే ఆకారం కూడా అదే. అందుకే 'త్రిభుజం అంటే విలన్' అన్న మాట సగమే నిజం. గోపురంలా కూర్చున్న త్రిభుజంతో మంచి తాతగారిని గీయొచ్చు.

[తెర మీద: ఖాళీ కాగితం. నాలుగు అడ్డగీతలు.]

ఇప్పుడు ఒకే మనిషిని మూడుసార్లు గీద్దాం. కిరాణా కొట్టు యజమాని, యాభై ఏళ్లు, మీసం, కళ్లద్దాలు, పొట్టి చేతుల చొక్కా, పంచె. కొలత తలతోనే. మూడింట్లోనూ ఎత్తు నాలుగు తలలు, అంటే తల ఎత్తుకి నాలుగు రెట్లు. ఎత్తు మార్చకూడదు, మారిస్తే తేడా ఆకారం వల్ల వచ్చిందో పొడవు వల్ల వచ్చిందో తెలియదు.

మొదట చెంబు మనిషి. భుజాలు ఒక తల వెడల్పు, పొట్ట దగ్గర రెండు తలలు. బొమ్మలో అన్నిటికన్నా వెడల్పైన చోటు నడుముకి దగ్గరగా, కిందికి ఉండాలి. మెడ దాదాపు ఉండదు. మోచేయి దగ్గర మడత కనిపించకుండా చెయ్యి ఒకే వంపుగా సాగుతుంది. కళ్లద్దాలు గుండ్రం.

రెండోవాడు రోలు మనిషి. భుజాలు, నడుము, పాదాల మధ్య దూరం, మూడూ రెండు తలల వెడల్పే. పక్క గీతలు నిలువుగా దిగుతాయి. తల భుజాల్లోకి కూరుకుపోతుంది. మీసం ఒక అడ్డ పట్టీ, కళ్లద్దాలు పలకలు. పాదాలు సమాంతరంగా నేలకి పూర్తిగా ఆనాలి. ఒక పాదం కాస్త లేచినా మొండితనం పోతుంది, ఎందుకంటే నెడితే జరిగేలా కనిపిస్తాడు.

మూడోవాడు కత్తిపీట మనిషి. భుజాలు రెండు తలలు, పాదాలు రెండూ దగ్గరికి చేరి అర తల. గడ్డం మొనదేలుతుంది, మోచేతులు బయటికి పొడుచుకొస్తాయి. ఒళ్లంతా పది డిగ్రీలు ముందుకి, ఎదుటివాడి వైపు వాలుతుంది. ఆ వాలు లేకపోతే మొనలన్నీ నేలనే బెదిరిస్తాయి.

ఇక్కడిదాకా ముఖంలో కళ్లు కూడా గీయలేదు, గమనించండి. ఇప్పుడు మూడింటినీ పూర్తి నలుపుతో నింపండి. బొమ్మని వంద పిక్సెల్‌ల ఎత్తుకి తగ్గించండి. పక్కనున్నవాళ్లకి రెండు సెకన్లు చూపించి, అప్పు ఎవర్ని అడుగుతారు, బేరం ఎవరి దగ్గర సాగదు, ఎవరి కొట్టుకి పిల్లల్ని పంపరు అని అడగండి. ఆలోచించకుండా జవాబు వస్తే ఆకారం పనిచేసినట్టు. ఆగి, 'ముఖం చూపించు' అన్నారంటే నీడలోనే తప్పుంది. ముఖం మీద ఎంత పనిచేసినా అది సరికాదు.

మొదట చూసిన విలన్‌కి ఇదే పరీక్ష పెడదాం.

[తెర మీద: మొదటి బొమ్మ నల్లగా నిండుతుంది, చిన్నదవుతుంది.]

మీసం మాయం, కాలర్ మాయం, కనుబొమలు మాయం. చెంబు మిగిలింది. మొనలన్నీ బయటి గీతకి లోపలే ఉన్నాయి. చెంబు మీద కత్తి బొమ్మ చెక్కినంత మాత్రాన చెయ్యి తెగదు కదా. పైకి కోపం, లోపల వెన్న అనే మనిషి కావాలంటే ఇది చక్కటి డిజైన్. విలన్ కావాలంటే మాత్రం భుజాల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

దీన్ని బట్టి కలపడం ఎలాగో తెలుస్తుంది. బయటి గీత మొదటి మాట చెప్తుంది, లోపలి చిన్న ఆకారాలు రెండో మాట చెప్తాయి. ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా ఉండాలి. సగం సగం పెడితే చూసేవాడికి ఏ మాటా వినపడదు. నా లెక్కలో మూడు పాళ్లు ఒకటి, ఒక పాలు మరొకటి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ పిక్సార్ 2009లో తీసిన యానిమేషన్ సినిమా 'అప్'. ముసలి కార్ల్ పూర్తిగా పలక. సుమారు మూడు తలల ఎత్తు, పలక దవడ, పలక కళ్లద్దాలు, పలక కుర్చీ. భార్య ఎల్లీ గుండ్రం, ఆమె కుర్చీకీ వంపులే. ఆమె పోయాక ఆ రెండు కుర్చీలు పక్కపక్కన ఉంటే చాలు, ఇంట్లో ఏం తగ్గిందో మాట లేకుండా తెలుస్తుంది. కానీ అసలు పనితనం కార్ల్ ముక్కులో ఉంది. అంత పలక ముఖం మధ్యలో పెద్ద గుండ్రటి ముక్కు. చేతికర్ర కాళ్లకి టెన్నిస్ బంతులు. మన రోలు కూడా అంతే కదా, బయట నాలుగు పలకలు, లోపల గుంట మాత్రం గుండ్రం. వీడు మొండివాడే, కానీ మెత్తబడే చోటు ఒకటి ఉందని కథ చెప్పకముందే ముక్కు చెప్పేస్తుంది. బెలూన్లు గుండ్రంగా ఉండి పలక ఇంటిని పైకి లేపడం కూడా ఆ వరసలోనే చూడండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొన అనగానే కొంతమంది విలన్‌కి పొడుగాటి కొక్కెం ముక్కు పెడతారు, గుండ్రం అనగానే లావుపాటివాళ్లని నవ్వుల పాలు చేస్తారు. ఒక జాతి ముక్కుని, ఒకరి ఒంటిని దుర్మార్గానికి గుర్తుగా వాడటం చాలా పాత, చెడ్డ అలవాటు. మొన భుజాల్లో పెట్టొచ్చు, కండువా కొనల్లో పెట్టొచ్చు, నిలబడే తీరులో పెట్టొచ్చు.

సమయం అయిపోతోంది, మిగతాది వేగంగా చెప్తాను.

పక్క నుంచి చూసే బొమ్మ. ముందు నుంచి రోలులా గీసి, పక్క నుంచి పొట్ట ముందుకి వేలాడేలా గీస్తారు. అప్పుడు తల తిప్పిన ప్రతిసారీ వాడి స్వభావం మారిపోతుంది. ముందు, ముప్పావు, పక్క, మూడు కోణాల్నీ నలుపుతో నింపి వరసగా పెట్టి చూడండి.

కదలిక. చెంబు మనిషి వంపు దారిలో కదలాలి, రోలు మనిషి ముందు ఆగి, తర్వాత ఒక్కసారిగా మొత్తంగా తిరగాలి, కత్తిపీట మనిషి తిన్నగా దూసుకొచ్చి టక్కున ఆగాలి.

గుంపు. ఊళ్లో అందరూ మొనలే అయితే విలన్ కనపడడు. నలుగురు చెంబుల మధ్య ఒక్క కత్తిపీట చాలు. గుండ్రటి విలన్ కూడా కుదురుతాడు, అయితే వాడి చుట్టూ ఉన్న గది, కుర్చీ, అనుచరులు మొనలు మోయాలి. అప్పుడు చెంబు అనుకుని చెయ్యి పెట్టినవాడికి లోపల ఏదో తగులుతుంది.

[తెర మీద: ముగ్గురు కొట్టు యజమానులు, నల్లటి నీడల్లో, ఒకే కౌంటర్ వెనక.]

ఈ మూడు నీడల ఫైల్ కింద పెడుతున్నాను. నాలుగోవాడిని మీరు గీయండి. బయట కత్తిపీట, లోపల ఒక పాలు చెంబు. ఆ గుండ్రం ఎక్కడ పెట్టారో కామెంట్‌లో రాయండి.